పగిలిన టీవీ ప్యానెల్: అమ్మకందారుకు ఉత్తరం ఎలా రాయాలి?

కొత్త టీవీ పెట్టె విప్పి ఆన్ చేయగానే తెర మూల నుంచి గీతలు, పక్కనే సిరా ఒలికినట్టు నల్లటి మరక, నిలువునా రంగు చారలు. ఆఫ్ చేసి చూస్తే మాత్రం చాలాసార్లు ఏమీ కనిపించదు. చేత్తో తడిమినా నున్నగానే ఉంటుంది. ఎల్‌సీడీ ప్యానెల్ అంటే రెండు పలుచటి గాజు పలకలు, వాటి మధ్య ద్రవ స్ఫటికం. పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి లోపలి గాజు పగిలినా బయటికి తెలియదు. అందుకే డెలివరీ కుర్రాడి ముందు పెట్టె చూసి సంతకం పెట్టినంత మాత్రాన ప్యానెల్ బాగున్నట్టు కాదు.

చిక్కంతా ఆ తర్వాతే. తయారీ కంపెనీకి ఫోన్ చేస్తే ‘ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదు’ అంటారు. అమ్మినవాళ్లేమో ‘మేం బాగానే ఇచ్చాం, మీ ఇంట్లో పగిలిందేమో’ అంటారు. కాబట్టి మీ ఉత్తరం ప్రధానంగా ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: పగులు ఎప్పుడు పడింది? వస్తువు మీ చేతికి రాకముందే పడిందని చూపగలిగితే వారంటీ ప్రస్తావనే అక్కర్లేదు. పాడైన వస్తువును అప్పగించిన బాధ్యత అమ్మకందారుదే.

గుంటూరులో ఒకాయన ఆన్‌లైన్‌లో 43 అంగుళాల టీవీ కొన్నారనుకుందాం. గురువారం సాయంత్రం పెట్టె వచ్చింది. కంపెనీ టెక్నీషియన్ వచ్చేదాకా తెరవొద్దన్నారు, అలాగే ఉంచారు. శనివారం టెక్నీషియన్ వచ్చి ఆన్ చేస్తే పగులు బయటపడింది. ఇక్కడ చేయాల్సిన పనులు రెండున్నాయి. టీవీని గోడకు బిగించనివ్వకూడదు. బిగిస్తే, బిగించేటప్పుడే పగిలిందని వాదించే వీలు దొరుకుతుంది. రెండోది, జాబ్ షీట్‌లో ఉత్త ‘ఫిజికల్ డ్యామేజ్’ అని రాస్తే సంతకం పెట్టకూడదు. ‘సీలు నా ఎదుటే తీశాం, మొదటిసారి ఆన్ చేసినప్పుడే పగులు కనిపించింది’ అని రాయించుకుని, దాన్ని ఫొటో తీసుకోవాలి. రాయనంటే ఆ మాటే ఉత్తరంలో చెప్పాలి.

ఉత్తరం ఎవరికి? ఇన్‌వాయిస్ మీద అమ్మకందారుగా ఉన్న పేరుకు. ఆన్‌లైన్ వేదిక పేరు, అమ్మకందారు పేరు తరచూ వేరువేరుగా ఉంటాయి. నకలు ఆ వేదిక గ్రీవెన్స్ ఆఫీసరుకు పంపాలి. ఆ వివరాలను సైట్‌లో కనిపించేలా పెట్టడం తప్పనిసరి. ఇక ఉత్తరం ఇలా ఉండొచ్చు:

‘అయ్యా, ఫలానా ఆర్డరు నంబరు, ఫలానా ఇన్‌వాయిస్‌పై కొన్న 43 అంగుళాల టీవీ గురువారం సాయంత్రం మా ఇంటికి చేరింది. సీలు తీయకుండా ఉంచాం. శనివారం ఉదయం కంపెనీ టెక్నీషియన్ సమక్షంలో తెరిచి ఆన్ చేయగా, తెర కింది ఎడమ మూల నుంచి పగులు కనిపించింది. టీవీని గోడకు బిగించలేదు, వాడలేదు. పెట్టె, థర్మాకోల్, సామగ్రి అన్నీ భద్రంగా ఉన్నాయి. ఇదే మోడల్ కొత్త టీవీని 7 రోజుల్లోగా ఇచ్చి, పాడైనదాన్ని మీ ఖర్చుతో తీసుకెళ్లాలని కోరుతున్నాను. ఆ మోడల్ లేకపోతే మొత్తం సొమ్ము వాపసు ఇవ్వండి. ప్యానెల్ మార్చి రిపేరు చేయడానికి నేను అంగీకరించడం లేదు.’

ఆ చివరి వాక్యం ముఖ్యం. అది లేకపోతే రిపేరు టికెట్టు తెరిచి వారాలు గడిపేస్తారు, ఈలోగా రిటర్న్ గడువు దాటిపోతుంది. అందుకే పగులు చూసిన రోజే యాప్‌లో రిటర్న్ పెట్టి, ఆ తర్వాత ఉత్తరాన్ని ఈమెయిల్ చేయాలి. తెర వెలిగి ఉన్నప్పటి ఫొటో, సీరియల్ నంబరు స్టిక్కరు, పెట్టె ఆరు వైపులా తీసిన ఫొటోలు జతచేయాలి. పెట్టె మూల నొక్కుకుపోయి ఉంటే, దాని వెనకే ప్యానెల్ పగిలిన చోటు ఉంటే, అది రవాణాలో జరిగిందనడానికి మంచి ఆధారం. తిట్లు, డెలివరీ కుర్రాడి మీద ఊహాగానాలు వద్దు. ఎవరు పడేశారో మీరు చూడలేదు, రుజువు చేయాల్సిన పనీ లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. గ్రీవెన్స్ ఆఫీసరు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ రెండు గడువులనూ ఉత్తరం చివర ఒక వాక్యంలో గుర్తుచేస్తే చాలు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయలలోపైతే ఫీజు లేదు. అంతవరకూ ఆ పెట్టెను మాత్రం పాత సామాన్లవాడికి వేయకండి.