విడాకుల తర్వాత, నలభై ఐదేళ్ళకి మళ్ళీ ఫ్లర్టింగ్: ఒక మెసేజ్ ఎలా పంపాలి, జవాబుని ఎలా చదవాలి

ఈ రోజు టాపిక్ చూసి కొంతమంది నవ్వుకుంటారని నాకు తెలుసు. "నీకింకా ముప్పై కూడా రాలేదు, నువ్వు మాకు చెప్తావా" అని అడిగేవాళ్ళు కూడా ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇవాళ నా అనుభవం ఏమీ చెప్పట్లేదు. ఒక వ్యూయర్ రాసిన మెయిల్ ఉంది, ఆవిడ పర్మిషన్ తీసుకుని, ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి, దాని గురించే మాట్లాడుకుందాం.

ఆవిడకి నలభై ఐదేళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం. విడాకులై నాలుగేళ్ళయింది. బాబు బీటెక్ సెకండియర్. ఇంటి మీద మిద్దె తోట పెంచుతారు. ఏరియాలో మిద్దె తోటల వాట్సాప్ గ్రూప్ ఒకటి ఉంది, అందులో విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటారు. జులైలో ఒకాయన ఆవిడకి గుత్తి చిక్కుడు విత్తనాలు ఇచ్చారు. ఆయనకి నలభై తొమ్మిది, ఆయన కూడా ఒంటరే. విత్తనాలు ఇస్తూ ఓ పావుగంట మాట్లాడారు. ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే, "చాలా ఏళ్ళ తర్వాత ఒక మనిషితో మాట్లాడి ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాను."

ఇంతవరకూ బానే ఉంది. సమస్య ఆ తర్వాత మొదలైంది. ఆవిడ చివరిసారి ఎవరితోనైనా సరదాగా మాట కలిపింది డిగ్రీలో, నోట్సులు మార్చుకునే రోజుల్లో. ఇప్పుడేం చేయాలో తెలీక, ఆయన నంబర్‌కి రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ ఫోటో పంపడం మొదలుపెట్టారు. మూడు వారాలు పంపారు. ఆయన రోజూ ఒక దండం బొమ్మ తిరిగి పంపారు. ఆవిడ "ఆయనకి ఇంట్రెస్ట్ లేదు" అని తేల్చేసుకున్నారు.

నిజానికి ఆ దండం బొమ్మ నుంచి ఏమీ తెలీదండి. గుడ్ మార్నింగ్ ఫోటో ఊరందరికీ వెళ్ళే వస్తువు. మేనమామ పంపుతాడు, ఎల్ఐసీ ఏజెంట్ పంపుతాడు. దానికి దండం తప్ప ఇంకేం జవాబు ఇవ్వగలం? ఆవిడ తన ఇష్టాన్ని చెప్తున్నానని అనుకున్నారు, ఆయనకి అది చేరనే లేదు.

ఇది ఆవిడ ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో 2014లో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ బృందం ఒక స్టడీ పబ్లిష్ చేసింది. పరిచయం లేని ఆడా మగా జంటల్ని కాసేపు మాట్లాడుకోనిచ్చి, తర్వాత విడివిడిగా అడిగారు: మీరు ఫ్లర్ట్ చేశారా, అవతలివాళ్ళు చేశారని అనిపించిందా అని. ఫ్లర్ట్ చేయనప్పుడు "చేయలేదు" అని పోల్చుకోవడంలో జనం బాగానే ఉన్నారు. కానీ నిజంగా చేసినప్పుడు దాన్ని గుర్తుపట్టింది మగవాళ్ళలో 36 శాతం, ఆడవాళ్ళలో 18 శాతం మాత్రమే. వాళ్ళంతా కాలేజీ స్టూడెంట్లు, కాబట్టి అవే అంకెలు మన వయసుకి, మన ఊరికి వర్తిస్తాయని నేననను. కానీ మనకి పనికొచ్చే మాట ఒకటుంది. మనం "ఇంతకన్నా ఏం చెప్పాలి" అనుకున్నది అవతలివాళ్ళకి చాలాసార్లు వినపడదు.

సరే, మరి గట్టిగా చెప్పేస్తే? ఆవిడ అదీ చేయబోయారు. ఒక రాత్రి పదకొండు దాటాక పెద్ద మెసేజ్ టైప్ చేశారు. ఒంటరితనం, పెళ్ళిలో పడ్డ కష్టాలు, "మీతో మాట్లాడితే మనసు తేలికైంది" అన్నీ అందులో ఉన్నాయి. పంపకుండా డిలీట్ చేశారు. మంచి పని చేశారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, కానీ పావుగంట పరిచయం ఉన్న మనిషి దానికి ఏం జవాబివ్వాలి? ఓదార్చాలి, లేదా పారిపోవాలి. సరదాగా తిరిగి ఒక మాట అనే చోటే లేదు.

పంపాల్సింది ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. నవంబర్‌లో చిక్కుడు పూత వేశాక ఆవిడ పంపిన మెసేజ్ ఇది:

"మీరిచ్చిన చిక్కుడు పూత వేసిందండీ. కానీ పందిరి వదిలేసి పక్కింటి గోడెక్కింది. విత్తనం ఇచ్చినవాళ్ళ బుద్ధే వస్తుందంటారు, నిజమేనా?"

ఇందులో ఏముందో చూద్దాం. మొదటిది, ఇది ఆ ఒక్క మనిషికే పంపగలిగిన మెసేజ్. ఆయనిచ్చిన విత్తనం గురించి. రెండోది, చిన్న చురక ఉంది, కానీ అది ఆయన రూపం మీదో వయసు మీదో కాదు. "మీ ఏజ్ అస్సలు తెలీదండీ" లాంటి పొగడ్తలు ఈ వయసులో సగం దెబ్బలాగే తగులుతాయి. మూడోది, చివర్లో ప్రశ్న ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైంది నాలుగోది. ఆయనకి ఇష్టం లేకపోతే "పందిరి ఎత్తు పెంచండి" అని తోట సలహా ఇచ్చి ఊరుకోవచ్చు. ఎవరి పరువూ పోదు. రేపు గ్రూపులో మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవచ్చు. అవతలివాళ్ళకి తలుపు తెరిచే ఉంచి పిలవడం, మెచ్యూర్ ఫ్లర్టింగ్ అంటే నాకర్థమైంది ఇదే.

ఇంకో సంగతి గమనించారా? "అండీ" ఎక్కడా పోలేదు. చాలామంది చనువు చూపించాలని రెండో రోజే "నువ్వు"లోకి దిగిపోతారు. అవసరం లేదు. మన భాషలో "మీరు" అంటూ ఆటపట్టించడంలోనే ఒక అందం ఉంది, మర్యాద చెడకుండా దగ్గరితనం తెలుస్తుంది. "నువ్వు" అనేది అవతలివాళ్ళు "అండీ ఎందుకు" అన్నాక వస్తే బాగుంటుంది.

ఇప్పుడు ఆయన జవాబు:

"గోడలెక్కే బుద్ధి నాకు ఎప్పుడో పోయిందండీ. మీ పందిరే చిన్నదేమో. ఎంత ఎత్తు వేశారు? ఫోటో పెట్టండి."

ఈ జవాబుని ఎలా చదవాలి? ఆయన చురకని అందుకుని, తిరిగి వేశారు. తనే ఒక ప్రశ్న అడిగారు. మాట ముందుకు సాగడానికి ఫోటో అడిగారు. ఇష్టం ఉందని ఖాయం కాదు, కానీ మాట్లాడాలని ఉందని అర్థం. దీనికి బదులు "హహ, అవును" అని ఆగిపోయి, మళ్ళీ తనంతట తను ఎప్పుడూ మాట మొదలుపెట్టకపోతే, అది కూడా జవాబే. ఒక్క మెసేజ్ చూసి తేల్చకండి, జనానికి పనులుంటాయి. రెండు మూడు వారాల్లో మాట ఎవరు మొదలుపెడుతున్నారు, ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారు అని చూడండి. అన్నీ మీవైపు నుంచే ఉంటే మీకు తెలిసిపోతుంది.

పది రోజులు ఇలా నడిచాక ఆవిడ అడిగారు: "ఆదివారం పొద్దున విత్తనాల మేళాకి వస్తున్నాను. అయ్యాక ఓ గంట కాఫీకి కూర్చుందామా? మీతో తోట కాకుండా వేరే కబుర్లు కూడా చెప్పాలనుంది. కుదరకపోతే పర్లేదండీ."

రోజు ఉంది, ఎంతసేపో ఉంది, "తోట కాకుండా" అన్న మాటతో ఉద్దేశం కూడా ఉంది. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే దానికి అవునన్నా కాదన్నా ఒకటే.

ఆయన రాలేనన్నారు. "ఆదివారం అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలండీ. శనివారం సాయంత్రం అయితే మీకు వీలవుతుందా?" ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, కుదరదంటూనే వేరే రోజు చెప్తే అది దాదాపు అవునే. "బిజీ అండీ, చూద్దాం" అని వదిలేస్తే ఇంకొక్కసారి అడగచ్చు. రెండోసారీ అదే జవాబైతే ఆపేయాలి. కారణం అడగకూడదు, వేరే నంబర్ నుంచి మెసేజ్ పెట్టకూడదు, కామన్ ఫ్రెండ్‌ని రాయబారం పంపకూడదు. ముఖ్యంగా మగవాళ్ళకి చెప్తున్నా, ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. ఒక స్త్రీ ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేశాక కూడా పదే పదే కాంటాక్ట్ చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం.

ఇక కాఫీ టేబుల్ దగ్గర అసలు పరీక్ష. విడాకుల గురించి ఎంత చెప్పాలి? ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకరు నలభై నిమిషాలు మాజీ భర్త గురించో భార్య గురించో చెప్తారు. ఎదుటి మనిషి తెలీకుండానే కౌన్సెలర్ అయిపోతాడు, ఫ్లర్టింగ్ అక్కడితో ఆఖరు. ఇంకొకరు ఏమీ చెప్పరు. కోర్టులో కేసు ఇంకా నడుస్తుంటుంది, కానీ "డివోర్స్డ్" అని చెప్పేస్తారు. ఇది చిన్న విషయం కాదు. విడిగా ఉండటం వేరు, కేసు నడవడం వేరు, డిక్రీ చేతికి రావడం వేరు. డిక్రీ రాకముందు చట్టం దృష్టిలో మీరింకా పెళ్ళైనవాళ్ళే. హిందూ వివాహ చట్టం సెక్షన్ 15 ప్రకారం డిక్రీ వచ్చినా, అప్పీలుకి హక్కు ఉంటే ఆ గడువు దాటాకే, లేదా అప్పీలు వేసి అది కొట్టేశాకే మళ్ళీ పెళ్ళి చేసుకోగలరు. కాఫీకి పెళ్ళికి సంబంధం లేదు, నిజమే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తన ఎదురుగా ఎవరున్నారో తెలుసుకునే హక్కు ఉంది.

ఆవిడ చెప్పింది నాలుగు వాక్యాలు. "నాలుగేళ్ళ కిందట విడాకులయ్యాయి. కోర్టు పనులన్నీ అయిపోయాయి. బాబు నాతోనే ఉంటాడు. మిగతా కథ ఉంది, కానీ ఈ కాఫీ పాడుచేసేంత మంచి కథ కాదు." ఆయన నవ్వారట. ఆ నవ్వే కావాలి. నిజం మొత్తం చెప్పారు, బరువు మాత్రం ఆయన మీద పెట్టలేదు. ఆయన అడిగితే తర్వాత ఇంకొంచెం చెప్పచ్చు. అడగకముందే మొత్తం విప్పకూడదు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ఎవరైనా సరదాగా మాట్లాడగానే మీకు వెంటనే మాజీ మనిషి గుర్తొచ్చి కోపమో ఏడుపో వస్తుంటే, జవాబు అరగంట లేటైతే ఫోన్ పది సార్లు చూస్తుంటే, ఇంకొన్నాళ్ళు ఆగండి. అప్పుడు మీరు అడుగుతున్నది కబుర్లు కాదు, మందు. ఆ పని అవతలి మనిషిది కాదు.

తర్వాత ఏమైంది అని అడుగుతారు కదా. ఇప్పటికి మూడు కాఫీలయ్యాయి. ఇది ఎక్కడికి వెళ్తుందో తనకి తెలీదని, తెలుసుకోవాలన్న తొందర కూడా లేదని రాశారు. మెయిల్ చివర్లో ఒక మాట ఉంది, దాంతోనే ముగిస్తాను. శనివారం ఆవిడ తయారవుతుంటే బాబు అడిగాడట, "ఎవరమ్మా?" అని. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "చిక్కుడు విత్తనాలాయన" అన్నారట. వాడు ఒక్క నిమిషం చూసి, "స్కూటీలో పెట్రోల్ లేదు, నా బండి తీసుకెళ్ళు" అన్నాడట.