ఆకు మీద మచ్చను యంత్రం ఎలా గుర్తుపడుతుంది?

వరి ఆకు మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. అది ఏ తెగులు? జవాబు తప్పితే నష్టం చిన్నది కాదు. అగ్గి తెగులైతే యూరియా వేయడం ఆపాలి. నత్రజని ఎక్కువైన కొద్దీ ఆ శిలీంధ్రం మరింత చెలరేగుతుంది. గోధుమరంగు మచ్చ తెగులు సంగతి వేరు. అది ఎక్కువగా సారం తగ్గిన నేలలో, పోషకాలు చాలని పైరుకు వస్తుంది. అక్కడ ఎరువుల లోటు తీర్చాలి. ఒకదాన్ని చూసి మరొకటి అనుకుంటే, చేసిన వైద్యమే రోగాన్ని పెంచవచ్చు.

రెండింటినీ పోల్చి చూడండి. అగ్గి తెగులు మచ్చ నూలు కండెలాగా ఉంటుంది: రెండు కొసలు సన్నం, నడుమ వెడల్పు. మధ్యభాగం బూడిదరంగు, అంచు గోధుమరంగు. రెండో తెగులు మచ్చ నువ్వుగింజలాగా కోలగా ఉంటుంది. సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలో ఈ తేడాను కంప్యూటరు పట్టుకోగలదా? మనం నేర్పితే పట్టుకోగలదు. అదెలాగో చూద్దాం.

కంప్యూటరుకు నూలు కండె తెలియదు, నువ్వుగింజా తెలియదు. ఫొటో అంటే దానికి చుక్కల వరుసలు. ఒక్కో చుక్క రంగుకు కొన్ని అంకెలు. అందుకని ముందు మనమే ప్రతి ఫొటోలో ప్రతి మచ్చ చుట్టూ ఒక పెట్టె గీసి, దాని పేరు చెప్పాలి. అగ్గి తెగులుకు 0, గోధుమరంగు మచ్చకు 1 అని గుర్తులు పెట్టుకుందాం.

ఫొటో వెడల్పు 1000 చుక్కలు, ఎత్తు 800 చుక్కలు అనుకోండి. ఒక అగ్గి తెగులు మచ్చ చుట్టూ గీసిన పెట్టె ఎడమ అంచు నుంచి 400 చుక్కల దూరంలో, పై అంచు నుంచి 200 చుక్కల దిగువన మొదలవుతుంది. దాని వెడల్పు 200, ఎత్తు 80. అయితే పెట్టె కేంద్రం అడ్డంగా 500 వద్ద, నిలువుగా 240 వద్ద ఉంటుంది. అడ్డం కొలతలను 1000తోనూ, నిలువు కొలతలను 800తోనూ భాగించి ఇలా రాస్తారు:

```
0 0.5 0.3 0.2 0.1
```

మొదటి అంకె తెగులు గుర్తు. తరువాతి రెండూ కేంద్రం ఉన్న చోటు, చివరి రెండూ వెడల్పు, ఎత్తు. భాగించడం ఎందుకు? ఫొటోను పెద్దది చేసినా చిన్నది చేసినా ఈ వరుస మారదు కనుక. ఒక్క జాగ్రత్త: ఏ మచ్చకైనా పెట్టె గీయడం మరచిపోతే, ‘అక్కడ తెగులు లేదు’ అని మనమే యంత్రానికి తప్పు పాఠం చెప్పినట్లు.

ఇక శిక్షణ. యంత్రం ఫొటో చూసి తానొక పెట్టె గీస్తుంది. దాన్ని మన పెట్టెతో పోలుస్తారు. అది మన పెట్టె అంతే ఉండి, 50 చుక్కలు కుడికి జరిగిందనుకోండి. రెండూ కలిసిన భాగం 150 × 80, అంటే 12,000 చుక్కలు. రెండు పెట్టెలూ కలిపి ఆక్రమించిన చోటు 16,000 + 16,000 − 12,000, అంటే 20,000. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.6. పేరు సరిగా ఉండి, ఈ నిష్పత్తి 0.5 దాటితే మచ్చను పట్టుకున్నట్లే లెక్కించడం వాడుక. శిక్షణ సమయంలో, పెట్టెలోను పేరులోను వచ్చిన తప్పును బట్టి యంత్రం తన లోపలి లెక్కలను కొద్దిగా సవరించుకుంటుంది. వేలసార్లు ఇలా చేశాక తప్పులు తగ్గుతాయి.

అయితే యంత్రం నేర్చుకున్నది మచ్చనేనా? ఈ అనుమానం ఊరికే రాలేదు. 2016లో ప్లాంట్‌విలేజ్ అనే సంకలనంలోని 54,306 ఆకుల ఫొటోలతో ఒక ప్రయోగం చేశారు. అందులో పెట్టెలు లేవు. ఫొటో మొత్తానికి ఒకే పేరు. పంట, తెగులు కలిపి 38 పేర్లు. పరీక్ష కోసం పక్కన పెట్టిన ఫొటోలలో యంత్రం 99 శాతానికి పైగా సరిగా చెప్పింది. వేరే చోట్ల సేకరించిన ఫొటోలు చూపిస్తే అది 31 శాతానికి పడిపోయింది! 2022లో ఇంకొకరు అవే ఫొటోలను తీసుకుని, ఆకును వదిలి, వెనుక నేపథ్యం నుంచి 8 చుక్కలు మాత్రమే యంత్రానికి చూపించారు. అయినా అది 49 శాతం సరిగా చెప్పింది. గుడ్డిగా ఊహిస్తే 3 శాతం కూడా రాదు. అంటే ఆకు వెనుక ఉన్న నేపథ్యమే జవాబును పట్టిచ్చింది.

పెట్టె గీయడం వల్ల యంత్రం చూపు మచ్చవైపు మళ్ళుతుంది. కాని అదొక్కటే చాలదు. ఒకే పొలంలో ఒకే రోజు తీసిన ఫొటోలను శిక్షణకు సగం, పరీక్షకు సగం పంచితే మార్కులు ఘనంగా వస్తాయి, నిజం బయటపడదు. అందుకే ఒక పొలం ఫొటోలన్నిటినీ శిక్షణలో ఎక్కడా వాడకుండా, పరీక్షకే ఉంచాలి. ఎండలోను మబ్బులోను, వేరువేరు ఫోన్లతో తీసినవీ ఉండాలి. మచ్చలు లేని ఆకులూ, మట్టి అంటిన ఆకులూ కూడా కావాలి. మట్టి మరకకు యంత్రం పెట్టె గీసిందంటే, పాఠం ఇంకా ఒంటబట్టలేదన్నమాట.

మరో హద్దు ఉంది. తొలిదశలో రెండు తెగుళ్ళ మచ్చలూ చిన్న చుక్కలే. కండె ఆకారం ఇంకా ఏర్పడదు. అప్పుడు అనుభవజ్ఞులు కూడా ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి, శిలీంధ్ర బీజాల ఆకారం చూసి తేల్చుకుంటారు. అలాంటి ఫొటోకు ఊహించి పేరు పెట్టకూడదు. శిక్షణ నుంచి పక్కన పెట్టాలి. పెట్టె గీసిన మనిషికే తెలియని సంగతి, ఆ పెట్టెల నుంచి నేర్చుకునే యంత్రానికి ఎలా తెలుస్తుంది?