కనిష్ఠానికి వేరే సింప్లెక్స్ ఉందా?

లాభం పెంచే లెక్కలకు నేర్చుకున్న సింప్లెక్స్ పద్ధతి ఖర్చు తగ్గించే లెక్కలకూ పనికొస్తుందా, లేక ఇంకోటి నేర్చుకోవాలా అని లీనియర్ ప్రోగ్రామింగ్ చదువుతున్న ఒక విద్యార్థి అడిగాడు. ఇంకోటి అక్కర్లేదు. ఖర్చు z ఎక్కడ అతి తక్కువో, −z అక్కడే అతి ఎక్కువ. కాబట్టి ఖర్చు సూత్రంలో గుర్తులు మార్చి గరిష్ఠం లెక్క చేసినట్టే చేసి, చివర వచ్చిన విలువకు గుర్తు తిరిగి మార్చితే చాలు. షరతుల జోలికి పోనక్కర్లేదు.

గుర్తులు మార్చకుండానూ చేయొచ్చు. z = 2x − 3y ను తగ్గించాలనుకుందాం. షరతులు x + y ≤ 4, x + 3y ≤ 6. X, y రుణాత్మకం కాకూడదు. రెండూ సున్నా దగ్గర మొదలుపెడితే z కూడా సున్నా. x పెంచితే z పెరుగుతుంది, y పెంచితే తగ్గుతుంది. అందుకే y ని పెంచుతాం. మొదటి షరతు y ని 4 దాకా పోనిస్తుంది, రెండోది 2 దాకానే. చిన్నదే తీసుకోవాలి. కనిష్ఠం లెక్క కదా అని ఇక్కడ పెద్దదాన్ని ఎంచుకునేవాళ్లున్నారు, అది తప్పు. ఈ నిష్పత్తి చూసేది షరతు దాటకుండా ఉండటానికి, ఖర్చుతో దానికి సంబంధం లేదు. y = 2 అయితే z = −6. రెండో షరతులో మిగులును s అంటే z = −6 + 3x + s అవుతుంది. ఇక x పెంచినా, s పెంచినా z పెరగడమే. లెక్క అయిపోయింది.

మరి ఈ అనుమానం ఎక్కడిది? కనిష్ఠం లెక్కలు ఎక్కువగా ‘ఇంతకు తగ్గకూడదు’ అనే షరతులతో వస్తాయి. జార్జ్ స్టిగ్లర్ 1945లో వేసిన ఆహారం లెక్క అలాంటిదే: 77 పదార్థాలు, 9 పోషకాలు, అతి తక్కువ ఖర్చు. ఆయన అంచనా ఏడాదికి 39.93 డాలర్లు. 1947లో సింప్లెక్స్‌తో చేస్తే 39.69 డాలర్లు వచ్చింది. ఇలాంటి లెక్కలో అన్నీ సున్నా అంటే ఏమీ తినకపోవడం; ఏ పోషకమూ అందదు. అది షరతులకు లోబడిన బిందువు కాదు కాబట్టి అక్కడ మొదలుపెట్టలేం. మొదలుపెట్టడానికి కృత్రిమ చలరాశులు తెచ్చుకోవాలి. అవి పాఠంలో కనిష్ఠంతో కలిసి కనిపించేసరికి కనిష్ఠానికే చెందినవనిపిస్తాయి. పైన చేసిన కనిష్ఠం లెక్కలో అవి లేవు. అదే గరిష్ఠం లెక్కలో x + y ≥ 4 ఉంటే అవి కావాల్సిందే.

బిగ్-ఎం పద్ధతిలో మాత్రం గుర్తు జాగ్రత్త: కనిష్ఠంలో కృత్రిమ చలరాశికి +M, గరిష్ఠంలో −M. గుర్తు సరిగ్గా వేశాక కూడా చివరి పట్టికలో కృత్రిమ చలరాశి సున్నా కాకుండా మిగిలితే, ఆ షరతులన్నీ తీర్చే జవాబే లేదు.