అద్దె ఇల్లా, సొంతిల్లా: ఈఎంఐ చెప్పని లెక్క

ఇల్లు కొనాలా, అద్దెకే ఉండాలా అన్న చర్చ చాలా ఇళ్లలో ఒక్క మాటతో తేలిపోతుంది: అద్దెగా కట్టేది పోయిన డబ్బు, ఈఎంఐగా కట్టేది సొంత ఆస్తిలో చేరే డబ్బు. ఈ మాటలో సగమే నిజం. ఈఎంఐలో ఎంత భాగం ఆస్తిగా మారుతుందో, ఎంత భాగం అద్దెలాగే తిరిగిరాకుండా పోతుందో చూడాలి. కొనడానికి ముందే చేతి నుంచి వెళ్లిపోయే సొమ్మును కూడా కలపాలి. అప్పుడు గాని పోలిక కుదరదు.

హైదరాబాద్‌లో 80 లక్షల ధర పలికే, కట్టడం పూర్తయిన రెండు పడకగదుల ఫ్లాటును ఉదాహరణగా తీసుకోవచ్చు. అలాంటి ఫ్లాటే అదే అపార్ట్‌మెంటులో నెలకు 22 వేలకు అద్దెకు దొరుకుతుందనుకుందాం. కొనేవారు 60 లక్షలు అప్పు తీసుకుంటే మిగతా 20 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే మరో 6 లక్షలు. గృహప్రవేశానికి ముందే 26 లక్షలు ఖర్చవుతాయి. కప్‌బోర్డులు, వంటగది పనులు ఈ లెక్కలో లేవు.

ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ సుమారు 52,070 రూపాయలు. మొదటి నెల ఈఎంఐలో 42,500 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 9,570 మాత్రమే. వడ్డీ అంటే బ్యాంకు డబ్బును వాడుకున్నందుకు కట్టే అద్దె. అందువల్ల తిరిగిరాని ఖర్చును తిరిగిరాని ఖర్చుతోనే పోల్చాలి: అద్దెదారుకు నెలకు 22 వేలు పోతే, కొన్నవారికి తొలి నెలలో 42,500 పోతుంది. పదేళ్లపాటు తప్పకుండా కట్టినా 62 లక్షలకు పైగా చెల్లించిన తర్వాత అప్పు ఇంకా 42 లక్షలు మిగిలే ఉంటుంది. సగం గడువు గడిస్తే సగం అప్పు తీరుతుందనుకునేవారికి బ్యాంకు స్టేట్‌మెంటు చేదు నిజం చెబుతుంది.

అయితే అద్దె స్థిరంగా ఉండదు, ఏటా పెరుగుతుంది. ఈఎంఐ మాత్రం వడ్డీ రేటు మారనంతవరకు అలాగే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ఇది కొన్నవారికి కలిసొచ్చే విషయం. ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే 22 వేల అద్దె పదకొండో ఏట 36 వేలకు చేరువవుతుంది, ఇరవయ్యో ఏట 55 వేలు దాటుతుంది. అపార్ట్‌మెంటు నెలవారీ మెయింటెనెన్స్ సాధారణంగా అద్దెకున్నవారే కడతారు కాబట్టి అది రెండు వైపులా సమానం, లెక్కలోంచి తీసేయవచ్చు. ఆస్తి పన్ను, రంగులు, నీటి లీకేజీలు, లిఫ్టు మార్పిడిలో వాటా యజమానివే. వీటికి మొదటి ఏడాది 36 వేలు వేసుకుని, అవీ 5 శాతం చొప్పున పెరుగుతాయనుకోవచ్చు.

ఇప్పుడు అద్దెదారు వైపు చూడాలి. కొనలేదు కాబట్టి ఆ 26 లక్షలు చేతిలోనే ఉన్నాయి. పైగా తొలి ఏడాది నెలకు దాదాపు 33 వేలు మిగులుతుంది. ఈ రెండింటినీ పొదుపులో పెట్టి, పన్ను పోను ఏటా 7 శాతం రాబడి తెచ్చుకుంటే పదేళ్లకు సుమారు కోటి రూపాయలవుతుంది. కొన్న కుటుంబానికి కూడా ఇంటిని అమ్మి, మిగిలిన అప్పు తీర్చాక కోటి రూపాయలు చేతికి రావాలంటే ఆ ఫ్లాటు 1.52 కోట్లకు అమ్ముడుపోవాలి. అమ్మకంలో 1 శాతం బ్రోకరేజీ, లాభంపై పన్నెండున్నర శాతం క్యాపిటల్ గెయిన్స్ పన్ను తీసేసిన లెక్క ఇది. అంటే ధర ఏటా సగటున 6.6 శాతం పెరగాలి.

ఎన్నేళ్లు ఉంటారన్నదాన్ని బట్టి ఈ గీత జరుగుతుంది. అయిదేళ్లకే అమ్మేస్తే ధర ఏటా 7.8 శాతం పెరిగితే గాని అద్దెదారుతో సమానం కారు. ప్రారంభంలో పెట్టిన రిజిస్ట్రేషన్ ఖర్చు, ఎక్కువ వడ్డీ పడే తొలి ఏళ్లు ఆ కొద్దికాలంలోనే రాబట్టుకోవాలి కదా. ఇరవై ఏళ్లు అట్టిపెట్టుకుంటే 5.7 శాతం చాలు. ఉద్యోగ బదిలీలు ఉన్నవారికి, మూడు నాలుగేళ్లలో విదేశం వెళ్లాలనుకునేవారికి కొనుగోలు ఎందుకు కలిసిరాదో ఈ తేడాయే చెబుతుంది.

ఫ్లాటు ధర అంత పెరుగుతుందా అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ చాలామంది ప్లాట్ల ధరలు గుర్తుచేసుకుని ఫ్లాటుకూ అదే పెరుగుదల ఆశిస్తారు. పెరిగేది ప్రధానంగా స్థలం విలువ. భవనం మాత్రం ఏటేటా పాతబడుతూ విలువ కోల్పోతుంది. అందుకే పత్రాల్లో రాసే అవిభాజ్య స్థలం వాటా, వాడుకలో యూడీఎస్, ఎన్ని గజాలో చూడాలి. నాలుగైదు అంతస్తుల పాత అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటుకు వచ్చే వాటా, ముప్ఫై అంతస్తుల టవరులో అదే విస్తీర్ణమున్న ఫ్లాటుకు వచ్చే వాటా కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. తక్కువ గజాలకు ఎక్కువ ధర పెట్టినప్పుడు, కొత్తదనం పోయాక, పక్కనే మరో కొత్త టవరు లేచాక, ఏటా ఆరేడు శాతం పెరుగుదల నిలబడటం కష్టం.

అద్దెదారు లెక్కలోనూ ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మిగిలిన 33 వేలను నెలనెలా నిజంగా పొదుపు చేస్తేనే కోటి వస్తుంది. అందులో సగమే పొదుపు చేసి మిగతా సగాన్ని ఇతర ఖర్చులకు వాడేసుకుంటే పదేళ్లకు మిగిలేది 76 లక్షలే. అప్పుడు ఇంటి ధర ఏటా నాలుగున్నర శాతం పెరిగినా చాలు, కొన్నవారే ముందుంటారు. ఈఎంఐ బలవంతపు పొదుపులా పనిచేస్తుందన్న పెద్దల మాటకు బలం ఇక్కడే ఉంది. ఇల్లు ఖాళీ చేయమన్న ప్రతిసారీ పడే బ్రోకరేజీ, సామాను తరలింపు, పిల్లల బడి మార్పు కూడా అద్దె వైపు ఖర్చులే.

ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే లెక్క మరికొంత మారుతుంది. 45 లక్షలు మించిన ఫ్లాటుకు 5 శాతం జీఎస్‌టీ పడుతుంది. తాళాలు చేతికొచ్చేదాకా అప్పుపై వడ్డీ, ఉంటున్న ఇంటికి అద్దె రెండూ కట్టాలి. ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాది అద్దె మొత్తం ఇంటి ధరలో కలిసినట్టే. పన్ను మినహాయింపుల మీద ఆశ పెట్టుకునేవారు మరో విషయం గమనించాలి: కొత్త పన్ను విధానం ఎంచుకుంటే సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు ఉండదు.

టోకెన్ అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: అదే ఫ్లాటుకు ఏడాది అద్దె ఎంత, యూడీఎస్ ఎన్ని గజాలు, అక్కడ కనీసం ఎన్నేళ్లు ఉంటారు. ధర ముప్ఫై ఏళ్ల అద్దెను మించి, గజాలు తక్కువై, ఉండేది అయిదారేళ్లే అయితే ఆ ఇంట్లో అద్దెకు ఉండటమే మేలు. పదిహేనేళ్లు దాటి అక్కడే ఉండే కుటుంబం, మంచి స్థలం వాటా ఉన్న ఇంటిని, తట్టుకోగల ఈఎంఐతో ధైర్యంగా కొనవచ్చు.