పాత సహోద్యోగిని రిఫరల్ అడగడం ఎలా?

కొత్త ఉద్యోగం చూసుకున్న కంపెనీలో పాత సహోద్యోగి ఉంటే, ఆయన రెండు రకాలుగా సాయపడగలరు. కంపెనీ రిఫరల్ పోర్టల్‌లో రెజ్యూమె పెట్టడం ఒకటి, ఆ పోస్టుకు మనిషిని వెతుకుతున్న హైరింగ్ మేనేజర్‌కు నేరుగా నాలుగు మాటలు రాయడం మరొకటి. పోర్టల్‌లో పెట్టిన రెజ్యూమె రిక్రూటర్ ముందున్న వరుసలో చేరుతుంది, చాలాసార్లు అక్కడే ఆగుతుంది. మేనేజర్‌కు రాసిన మాట ఆ రెజ్యూమెను తెరిపిస్తుంది. కాకపోతే అందులో రాసినవారి పూచీ ఉంటుంది. అందుకే పనితీరు దగ్గరగా చూసినవారినే ఈ సాయం అడగాలి. క్యాంటీన్ పరిచయాలకు పోర్టల్ చాలు.

అడగక ముందే కంపెనీ వెబ్‌సైట్‌లో అప్లై చేసేయడం తరచూ జరిగే పొరపాటు. అభ్యర్థి వివరాలు ముందే సిస్టంలో ఉంటే, ఆ తర్వాత చేసిన రిఫరల్ చాలా కంపెనీల్లో చెల్లదు. రిఫర్ చేసినవారికి రావాల్సిన బోనస్సూ పోతుంది. అప్పటికే అప్లై చేసి ఉంటే ఆ సంగతి మొదటే చెప్పాలి.

"మీ దగ్గర ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చూడన్నా" అంటే జవాబు రాకపోవడంలో వింత లేదు. పోస్టు వెతకడం, సరిపోతుందో లేదో తేల్చడం, ఏం రాయాలో ఆలోచించడం, అన్నీ అవతలివారి నెత్తినే పడతాయి. మాదాపూర్‌లో పనిచేసే ఒక టెస్టింగ్ ఇంజనీర్ తన పాత ప్రాజెక్టు సీనియర్‌ను అడగాలనుకుందాం. ఆమె ఇలా రాయవచ్చు:

"అన్నా, బాగున్నారా? మీ పేమెంట్స్ టీంలో సీనియర్ క్యూఏ పోస్టు చూశాను. జాబ్ ఐడీ, లింకు, రెజ్యూమె కింద పెట్టాను. ఇంకా అప్లై చేయలేదు. ఆ మేనేజర్‌కు నా గురించి ఒక మాట చెప్పగలరా? ఆయన తెలియకపోతే పోర్టల్‌లో పెట్టినా చాలు. కుదరకపోతే మొహమాటం వద్దన్నా, శుక్రవారం తర్వాత నేనే అప్లై చేసుకుంటాను."

కాదనడానికి దారి వదిలిన చివరి వాక్యమే, ఔననడాన్నీ తేలిక చేస్తుంది.

దీనితోపాటు, ఆయన ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయగలిగేలా ఆయన మాటల్లోనే ఒక చిన్న నోట్ రాసి ఇవ్వాలి. ఆఫీసు మెయిల్‌లోకి వెళ్లేది కాబట్టి అది ఇంగ్లిష్‌లో ఉంటే మంచిది. సారాంశం ఇంతే: "బ్యాంకింగ్ ప్రాజెక్టులో రెండేళ్లు నాతో పనిచేశారు. రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ను ఆటోమేట్ చేసి నాలుగు గంటలకు తెచ్చారు. మీరు అడిగిన ఏపీఐ టెస్టింగ్ బాగా తెలుసు. నోటీస్ పీరియడ్ 60 రోజులు." ఇందులో ఆయన కళ్లారా చూసిన విషయాలే ఉండాలి. ఆ తర్వాతి ఉద్యోగంలో సాధించినవి రెజ్యూమెలో ఉంటాయి. మేనేజర్ ఎదురు ప్రశ్న వేస్తే ఆయన తడబడకూడదు కదా. నోటీస్ పీరియడ్ సంగతి దాచిపెడితే మాత్రం ఆ ప్రశ్న మొదటి ఫోన్‌కాల్‌లోనే వస్తుంది.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి, ఆపై సొంతంగా అప్లై చేసుకోవాలి. రిక్రూటర్ ఫోన్ చేసినా, ఇంటర్వ్యూ పోయినా ఆయనకు కబురు చెప్పాలి. ఆఫర్ వచ్చాక వద్దనుకుంటే, ఆ సంగతి మేనేజర్ నోట వినేలోపే ఆయనకు తెలియాలి.