మూడో బంతికి చోటుందా?

గుంటూరు జిల్లాలో ఒక ఊరు అనుకుందాం. బడి పక్కన పదిహేను సెంట్ల పంచాయతీ స్థలం ఉంది. అమెరికాలో స్థిరపడిన ఊరివాళ్లు కొంత, ఊళ్లో చందాలు కొంత కలిసి 50 లక్షలు పోగయ్యాయి. పెళ్లిళ్లకీ గ్రామసభలకీ పనికొచ్చే కమ్యూనిటీ హాలు కడదామని కమిటీ పెద్దలు పట్నంలో ముగ్గురు పనిచేసే చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసును అడిగారు. నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. అది చూసి సర్పంచ్‌గారు అడిగే మొదటి ప్రశ్న ఊహించవచ్చు: "ఇందులో హాలు బొమ్మ లేదేమిటండీ?"

లేకపోవడమే మంచిది. స్థలం కొలవకుండా, నేల చూడకుండా రంగుల బొమ్మ పంపేవాళ్లు ఏ ఊరికైనా అదే బొమ్మ పంపగలరు. మంచి ఉత్తరం "మీరు చెప్పినదాన్ని బట్టి మాకు అర్థమైంది ఇదీ" అంటూ మొదలవుతుంది. ఎంతమంది వస్తారు, ఏమేం జరుగుతాయి, డబ్బెంత ఉంది అన్నవి అందులో ఉంటాయి. పొరపాటు ఉంటే ఇక్కడే దొరుకుతుంది. కాగితం మీద దిద్దడానికి ఖర్చేమీ ఉండదు.

కమిటీ వాళ్లు "250 మంది పట్టాలి" అన్నారు. ఎలా పట్టాలి? 2005 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్కలో కుర్చీల్లో కూర్చునే మనిషికి 0.6 చదరపు మీటర్లు, భోజనాల గదిలో అయితే 1.5 చదరపు మీటర్లు ఉండేది. ఆ లెక్కన 250 మందిని కూర్చోబెట్టే హాలు 150 చదరపు మీటర్లు, అంటే పది మీటర్ల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవు. అదే హాల్లో విస్తళ్లు వేస్తే బంతికి వంద మందే. పెళ్లి భోజనాలు మూడు బంతులవుతాయి, మూడో బంతివాళ్లు ఎండలో నిలబడాలి. ఉత్తరంలో ఆర్కిటెక్ట్ ఒక మార్గం చెప్పారు. హాలుకు పొడవునా నాలుగు మీటర్ల వసారా వేస్తే మరో 60 చదరపు మీటర్లు వస్తుంది, బంతికి ఇంకో నలభై మంది కూర్చుంటారు. రెండు బంతుల్లో పని అయిపోతుంది. హాలునే పెంచడం కన్నా ఇది చవక. పది మీటర్ల వెడల్పును మధ్యలో స్తంభాలు లేకుండా కప్పడమే ఖరీదైన పని కాబట్టి, ఆ వెడల్పు ఇంకా పెంచకుండా ఉండటమే తెలివి.

తర్వాత ఫీజు. నిర్మాణ వ్యయంలో 5 శాతం అనుకుంటే రెండున్నర లక్షలు. ఇక్కడ పెద్దలకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది: ఖర్చు పెరిగితే వాళ్ల ఫీజూ పెరుగుతుందిగా, మరి తగ్గించాలని వాళ్లకెందుకుంటుంది? అందుకే ఈ ఉత్తరంలో శాతం కాకుండా ఒకే మొత్తం రాశారు. దాన్ని పనిని బట్టి వాయిదాలుగా విడగొట్టారు: నమూనా ప్లాను ఒప్పుకున్నాక కొంత, అనుమతి డ్రాయింగులకు కొంత, మేస్త్రీ చేతికిచ్చే వర్కింగ్ డ్రాయింగులకు ఎక్కువ భాగం, మిగిలింది కట్టడం సాగుతుండగా. చందాలు ఆగిపోయి పని మధ్యలో నిలిచినా, జరిగినంతవరకే చెల్లిస్తే చాలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఫీజు మీద 18 శాతం, ఇక్కడ 45 వేలు, అదనం. అది కలిసి ఉందో లేదో ఉత్తరంలో లేకపోతే అడిగి రాయించుకోవాలి.

అసలు జాగ్రత్తగా చదవాల్సింది మూడో పేజీ. చెయ్యనివి అక్కడుంటాయి. స్థలం సర్వే, మట్టి పరీక్ష ఖర్చు ఊరిదే. గుంటూరు వైపు నల్లరేగడిలో మట్టి పరీక్ష తప్పించుకునే వీల్లేదు. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేల అది. పునాది చాలినంత లోతుకి వెళ్లకపోతే రెండు మూడేళ్లలో గోడలు ఏటవాలుగా బీటలిస్తాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు ఎవరిదన్నదీ ఇక్కడే తేలాలి.

ఇంకో మాట మీద ఊళ్లల్లో గొడవలు వస్తుంటాయి. ఆర్కిటెక్ట్ అప్పుడప్పుడు వచ్చి చూస్తారు, రోజూ మేస్త్రీ పక్కన నిలబడరు. రోజువారీ కాపలాకు ఊరే ఒక సైట్ ఇంజనీరును పెట్టుకోవాలి. అందుకని ఎన్నిసార్లు వస్తారన్నది కాదు, ఎప్పుడెప్పుడు వస్తారన్నది రాయించుకోవాలి: పునాది గుంతలు తవ్వాక, కాంక్రీటు పోయకముందు కడ్డీలు కట్టాక, పైకప్పు ఎక్కించే ముందు. కాంక్రీటు పడ్డాక వచ్చి చూసేదేముంటుంది?

చివర సంతకం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 1972 ఆర్కిటెక్ట్‌ల చట్టం ప్రకారం ఆ నమోదు లేనివాళ్లు పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకోకూడదు. ప్లాన్ల మీద కాపీరైటు మామూలుగా గీసినవాళ్లదే. హాలు బాగుందని పక్క ఊరివాళ్లు అవే కాగితాలు అడిగితే ఆ ఆఫీసు అనుమతి కావాలి, అక్కడి మట్టినీ మళ్లీ పరీక్షించాలి.