బిల్లు మీద తెల్ల గీత

ఎరువుల దుకాణాల్లో, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో, బియ్యం మిల్లుల ముందుండే కాటాల దగ్గర డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఇంకా కదలకుండా కూర్చుని ఉంది. కాగితం మీద దెబ్బ కొట్టి అచ్చు వేసే యంత్రం కాబట్టి కార్బన్ బిల్లు మీద ఒకేసారి రెండు మూడు కాపీలు తీస్తుంది. లేజరు ప్రింటరుకూ, థర్మల్ ప్రింటరుకూ అది చేతకాదు. అయితే అచ్చు మసకబారినప్పుడో, చుక్కలు రాలిపోయినప్పుడో చాలామంది చేసేది ఒక్కటే. రిబ్బన్ మార్చి చూస్తారు, అప్పటికీ కుదరకపోతే హెడ్డు పోయిందని తేల్చేస్తారు. నిజానికి జబ్బేమిటో బిల్లే చెబుతుంది, చూడటం తెలియాలి.

ఒక ఎరువుల దుకాణం తీసుకుందాం. అక్కడ ఉన్నది తొమ్మిది పిన్నుల ప్రింటరు. హెడ్డులో ఒకదాని కింద ఒకటిగా తొమ్మిది సన్నని ఉక్కు తీగలుంటాయి, ఒక్కోటి వెంట్రుక కంటే కొన్ని రెట్లు లావు. ఒక్కో తీగ వెనక ఒక్కో కాయిల్. కరెంటు అందగానే తీగ ముందుకు దూకి రిబ్బన్‌ను కాగితానికి కొట్టి వెనక్కి వస్తుంది. ఒక రోజు నుంచి బిల్లులో ప్రతి అక్షరం నడుమ సన్నని తెల్ల గీత కనబడసాగింది. మధ్య పిన్ను కొట్టడం లేదు. అంకె 8కి నడుం గీత పోయి 0లా కనిపిస్తోంది. ఎనిమిది బస్తాలు తీసుకున్న రైతు బిల్లులో సున్నా ఉంటే, దాన్ని అచ్చు అందం తగ్గిందని వదిలేయడానికి లేదు, అది లెక్క తప్పు.

మొదట చేయాల్సింది పై కాపీనీ, కార్బన్ పడిన కింది కాపీనీ పక్కపక్కన పెట్టి చూడటం. పైది మసకగా ఉండి కిందిది నల్లగా స్పష్టంగా ఉంటే పిన్నులు బాగానే కొడుతున్నట్టు, రిబ్బన్‌లో సిరా అయిపోయినట్టు. రెండూ ఒకేలా పలచగా ఉంటే దెబ్బ బలంగా తగలడం లేదు. కాగితం మందాన్ని బట్టి హెడ్డును ముందుకూ వెనక్కూ జరిపే చిన్న లివరు చాలా ప్రింటర్లలో ఉంటుంది. ఎవరో నాలుగు కాపీల బిల్లు కోసం దాన్ని జరిపి మళ్లీ వెనక్కి పెట్టి ఉండరు. అలా కాకుండా రెండు కాపీల్లోనూ అదే ఎత్తులో అదే గీత ఖాళీగా ఉంటే రిబ్బన్‌ను అనుమానించక్కర్లేదు, తప్పు పిన్నుదో దానికి కరెంటు తెచ్చే దారిదో.

మన దుకాణంలో రెండు కాపీల్లోనూ గీత ఉంది. అయినా రిబ్బన్ సంగతి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా పిన్నులు దానివల్లే పోతాయి. ఈ రకం ప్రింటర్లలో రిబ్బన్ సుమారు 40 లక్షల అక్షరాల దాకా వస్తుందని కంపెనీలు చెబుతాయి. బిల్లుకు 1,200 అక్షరాలనుకుని, రోజుకు వంద బిల్లులు కొడితే 1,20,000 అక్షరాలు. అంటే నెల దాటి మూడు రోజులు. సీజనులో మూడు నాలుగు నెలలు అదే రిబ్బన్‌తో నెట్టుకొచ్చే దుకాణాలున్నాయి. మసకగా ఉన్నా అంకె కనబడుతోంది కదా అనుకుంటారు. కానీ రిబ్బన్ సిరాలో నూనె ఉంటుంది. కుట్టు మిషనుకు నూనె ఎలాగో పిన్నులకు ఆ సిరా అలాగ. గుడ్డ ఎండిపోతే పిన్నులు పొడిగా రాసుకుంటూ అరుగుతాయి. వాడి వాడి గుడ్డ నలిగి పోగులు లేచాక అసలు ప్రమాదం మొదలవుతుంది. దూకిన పిన్ను మొన ఆ పోగులో చిక్కుకుంటుంది, హెడ్డు మాత్రం పక్కకు పరుగెడుతూనే ఉంటుంది. పిన్ను వంగుతుంది, లేదా విరుగుతుంది. చవకైన రిబ్బన్‌కు పొదుపు చేసి ప్రింటరులో ఖరీదైన భాగాన్ని పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

స్టాంపు ప్యాడు సిరా పోసి రిబ్బన్‌ను నల్లగా చేసే అలవాటు దీనికంటే చెడ్డది. అది పిన్నుల కోసం చేసిన సిరా కాదు. హెడ్డు మూతి దగ్గర కాగితం దుమ్ముతో కలిసి జిగురై పిన్నులను పట్టేస్తుంది. పాత డొక్కులో కొత్త గుడ్డ వేసే రీఫిల్‌ను మాత్రం నేను తప్పుపట్టను, ఒకటి రెండుసార్లు హాయిగా వాడుకోవచ్చు. గుడ్డ అతుకు మందంగా లేకుండా చూసుకోవాలి. డొక్కు మీది చిన్న గుండీని బాణం గుర్తు వైపు తిప్పితే గుడ్డ ఆగకుండా కదలాలి. కదలకపోతే లోపలి పళ్లచక్రాలు అరిగినట్టే. పిన్నులన్నీ గుడ్డ మీద ఒకే చోట కొట్టి చిల్లు పెడతాయి, కాబట్టి ఆ డొక్కు పారేయాలి.

ఇక మన తెల్ల గీత. మధ్య పిన్నే ఎందుకు? బిల్లు చూస్తే తెలుస్తుంది. తల దగ్గరా, మొత్తం దగ్గరా ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డగీతలు. అవన్నీ హైఫన్‌లు, వాటిని కొట్టేది మధ్య పిన్ను ఒక్కటే. మిగతా వాటికంటే అదెక్కువ చాకిరీ చేసింది. సాఫ్ట్‌వేర్ వాళ్లతో ఆ గీతలు తగ్గించుకుంటే కొత్త హెడ్డుకూ మంచిదే.

పిన్ను పోయిందని తేల్చేముందు సెల్ఫ్ టెస్టు తీయాలి. చాలా ఎప్సన్ ఎల్ఎక్స్ ప్రింటర్లలో LF/FF బటను నొక్కిపట్టి స్విచ్చి వేస్తే కంప్యూటరు అవసరం లేకుండానే వరసలు కొడుతుంది. అందులోనూ అదే గీత ఖాళీగా ఉంటే కంప్యూటరు తప్పేమీ లేదు. ఆ గీత ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే, అంటే హెడ్డు ఎడమ పక్కన ఉన్నప్పుడు చుక్క పడి కుడి పక్కకు వెళ్లగానే మాయమైతే, అది కేబుల్. హెడ్డుతో పాటు లక్షలసార్లు మడతపడే ఆ పలచని పట్టీలో ఒక తీగ తెగి ఉంటుంది. దాన్ని మార్చడం హెడ్డు మార్చడంకంటే చాలా చవక. దీన్ని చూడకుండా హెడ్డు కొనకూడదు.

ఖాళీ అన్నిచోట్లా ఒకేలా ఉంటే స్విచ్చి తీసి, హెడ్డు చల్లారాక విప్పాలి. పని చేస్తుండగా అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. మూతిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, మునిగేది మూతి ఒక్కటే అయ్యేలా, రాత్రంతా నిలబెట్టి, పూర్తిగా ఆరాక బిగించి చూడాలి. జిగురు పట్టిన పిన్ను చాలాసార్లు ఇంతటితో కదులుతుంది. కదలకపోతే మల్టీమీటరుతో కాయిల్‌లు ఒక్కొక్కటీ కొలవాలి. అన్నీ దాదాపు ఒకే ఓమ్‌లు చూపించాలి. ఒకటి అసలేమీ చూపకపోతే ఆ కాయిల్ కాలింది. అన్నీ సమానంగా ఉంటే పిన్ను అరిగిందో విరిగిందో, లేదంటే బోర్డు నుంచి కరెంటే రావడం లేదో. ఎక్కువమంది మెకానిక్కులు తొందరపడేది ఇక్కడే. కాయిల్ కాలడానికి బోర్డు మీద దాన్ని నడిపే ట్రాన్సిస్టరు షార్టవడం కారణమైతే, కొత్త హెడ్డు పెట్టిన కాసేపటికే అదే కాయిల్ మళ్లీ కాలుతుంది. ముందు బోర్డు చూడమని గట్టిగా అడగండి.

హెడ్డు మార్చక తప్పదంటే మూడు దారులు. పిన్ను మార్చి బాగుచేసిన హెడ్డు చవక. కానీ కొత్త పిన్ను మొన మిగతావాటితో సమానంగా ఉండాలి, లేకపోతే దాని చుక్క లావుగానో పలచగానో పడుతుంది. పిన్నులు బయటికి వచ్చే రంధ్రాలు అరిగి వెడల్పైతే ఆ మరమ్మతు నిలవదు. ఒకటి రెండు పిన్నులే పోయి, మూతి బాగుంటే ఇదే మేలు. మూడు నాలుగు పోతే కొత్త హెడ్డే నయం. కొత్త హెడ్డు ధర కొత్త ప్రింటరులో సగానికి చేరువై, రోలరు కూడా గుంటలు పడి ఉంటే ఆ డబ్బు ప్రింటరు మీదే పెట్టాలి. పాత ప్రింటరు నుంచి ఊడదీసిన హెడ్డు ఎన్ని కోట్ల దెబ్బలు కొట్టిందో ఎవరికీ తెలియదు, దాన్ని నేను కొనమనను.

కొత్త హెడ్డుకు పాత రిబ్బన్ ఎప్పుడూ తగిలించవద్దు. లివరును కాపీల సంఖ్యకు తగ్గట్టు పెట్టి, సెల్ఫ్ టెస్టు తీసి, అంకెలు 8, 3, 5 నడుముల్లో చుక్కలన్నీ ఉన్నాయో లేదో చూశాకే మెకానిక్కుకు డబ్బివ్వండి.